పొద్దుటి నంబరు

మా సర్వే లాంచీలో లోతు యంత్రం చూసే ఆవిడను రేవులో అందరూ అనుమానాలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. పాలవాడు పోసిన పాలను లోటా తిప్పి చూస్తుంది. భర్త దర్జీ, ఆయన కొలిచి కత్తిరించబోయే బట్టను ఈవిడ మళ్లీ కొలుస్తుంది. ఆయన గురక కూడా నిజమైనదో కాదో కాసేపు కూర్చుని చూస్తుందని ఆయనే నాతో చెప్పుకుని వాపోయాడు. నేను ఆ లాంచీ నడిపే సరంగును. పదకొండేళ్లు ఆవిడతో ఒకే క్యాబిన్లో ఉన్నాను కాబట్టి, ఆ పేరు పెట్టినవాళ్లు తక్కువే చెప్పారని నా అభిప్రాయం.

ఆ పనికి అలాంటి మనిషే కావాలనుకోండి. యంత్రానికి నిజానికి లోతు తెలియదు, సమయమే తెలుసు. లాంచీ అడుగు నుంచి కిందికి ఒక టిక్కుమనే శబ్దం పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. పోను రాను పట్టిన కాలం కనుక దాన్ని సగం చేసి, నీళ్లలో శబ్దం వేగంతో గుణించి, ఇదిగో లోతు అంటుంది. ఆ వేగం మనం చెప్పాలి. నీళ్లు వెచ్చగా ఉంటే శబ్దం త్వరగా పోతుంది, ఉప్పగా ఉన్నా అంతే. చల్లటి మంచినీళ్లలో నెమ్మదిస్తుంది. అందుకే అక్క రోజూ పొద్దున్నే వేడినీ ఉప్పునూ కొలిచే పరికరాన్ని తాడుకట్టి దించి, పైనా మధ్యలో అడుగునా చూసి, వచ్చిన వేగాన్ని యంత్రంలో పెడుతుంది. తర్వాత ఇనుప పలకను గొలుసుతో సరిగ్గా పది మీటర్లకు దించుతుంది. యంత్రం పది అని చూపిస్తేనే నన్ను ఇంజను వెయ్యనిస్తుంది.

ఆ వారం తవ్వోడ వాళ్లు ఏటినీ సముద్రాన్నీ కలిపే ఓడల కాలవలో పూడిక తీయడం ముగించారు. పన్నెండు మీటర్లు ఉండాలని షరతు. మేం కొలిచిన మర్నాడు సాయంత్రం పోటు మీద ఒక పెద్ద ఓడ లోపలికి రావాలి. దాన్ని తెచ్చే పైలట్ అక్క సొంత తమ్ముడు. పొద్దున పోటులో సముద్రం వైపు సగం కొలిచాం, మధ్యాహ్నం ఆటులో ఏటి వైపు సగం. ఆటుపోట్ల ఎత్తు తీసేస్తే అంతటా పన్నెండు దాటింది. ఏటి మలుపు దగ్గరైతే పన్నెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. అక్క సంతకం పెట్టింది. ఆ కాగితం చూసుకునే తమ్ముడు లెక్క కట్టాడు: ఓడ అడుగుకూ నేలకూ మధ్య అర మీటరు మిగులుతుంది.

మర్నాడు పొద్దున, ఆవిడ అలవాటు ప్రకారం, కొలిచిన చోటే మళ్లీ ఒక గీత నడిపించింది. మలుపు దగ్గర యంత్రం పదకొండూ ఎనభై ఎనిమిది అంది.

ఆవిడ ముందు నా మీదే పడింది.

"సరంగూ, నిన్న గీత తప్పావా?"

"తప్పలేదక్కా. దారి రికార్డు అక్కడే ఉంది కదా, చూసుకో."

చూసుకుంది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది. తర్వాత జెట్టీ మీద ఆటుపోట్ల కొలబద్ద రాసే తాత దగ్గరికి వెళ్లి, నిన్న మధ్యాహ్నం కునుకు తీశావా అని అడిగింది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ పుట్టుకకు ముందు నుంచీ రాస్తున్నానమ్మా నేను! ఆ పక్కనున్న యంత్రం గీసిన గీతతో పోల్చుకో పో!"

పోల్చింది. వేలెడు తేడా లేదు. ఇక మిగిలింది తవ్వోడ సూపర్‌వైజరు. ఆయన తీరిగ్గా టీ తాగుతూ, "రాత్రి మట్టి కొట్టుకొచ్చి ఉంటుందమ్మా. ఏరు కదా! నిన్న మీరే సంతకం పెట్టారుగా, మా పని అయిపోయింది" అన్నాడు. అతని నవ్వు నాకే నచ్చలేదు, ఇక ఆవిడకెలా నచ్చుతుంది?

"ఒక్క రాత్రిలో ముప్పై సెంటీమీటర్ల మట్టా? వీడేదో చేశాడు" అంది నాతో. నిజం చెప్పాలంటే, నాకు అప్పటికి ఇంకో పురుగు తొలచడం మొదలైంది. వీడూ ఈవిడా కలిసే నిన్న అంకెలు పెంచారేమో, ఇప్పుడు తమ్ముడి ఓడ గుర్తొచ్చి భయపడుతోందేమో అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. పదకొండేళ్లు అనుమానం పక్కన కూర్చుంటే అంటుకోదా మరి!

మధ్యాహ్నం రెండు దాటాక, ఆటు బాగా తీసిన వేళ, నన్ను మళ్లీ మలుపు దగ్గర లంగరు వెయ్యమంది. యంత్రం చూస్తే, ఆటుపోట్ల ఎత్తు తీసేశాక, పన్నెండూ ఇరవై! పొద్దున పోయిన లోతు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. మట్టి రావడం చూశాం గానీ, రాత్రి వచ్చి మధ్యాహ్నానికి పోయే మట్టి ఎక్కడుంది?

అక్క పలక దించమంది. గొలుసు మీద పది మీటర్ల గుర్తు నీళ్లను తాకేదాకా దించాను. యంత్రం పదీ ఇరవై ఏడు అంది.

"గొలుసు సాగిందేమో" అన్నాను.

"పొద్దున ఇదే గొలుసుకు పది చూపించింది."

వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు తగిలించుకుంది. అప్పుడు ఆవిడ కళ్లలో కనిపించింది నాకిప్పటికీ మరపురాదు. పరికరం దించింది. పొద్దున ఇరవై ఎనిమిది డిగ్రీల ఉప్పునీళ్లు, వేగం సెకనుకు పదిహేను వందల నలభై మీటర్లు. ఇప్పుడు పైనుంచి అడుగుదాకా ఇరవై ఐదు డిగ్రీలు, ఉప్పు దాదాపు లేదు. వేగం పదునాలుగు వందల తొంభై ఏడు. ఆ అంకె యంత్రంలో పెట్టగానే పలక బుద్ధిగా పది మీటర్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

ఎగువ కొండల్లో ఎప్పుడో వానలు పడ్డాయి. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. పోటులో సముద్రం కాలవలోకి వస్తోంది, ఆటులో అది వెనక్కి పోయి చల్లటి ఏటినీళ్లు దిగుతున్నాయి. ఆ నీళ్లలో శబ్దం నెమ్మదిగా పోయి ఆలస్యంగా తిరిగొస్తే, పొద్దుటి వేగంతో గుణించే యంత్రం ఆ ఆలస్యాన్ని లోతనుకుంది. నిన్న మధ్యాహ్నం నీళ్లను మళ్లీ పరీక్షించనిది అక్క. లోకంలో అందర్నీ అనుమానించి, పొద్దున తను పెట్టిన నంబరును మాత్రం వదిలేసింది.

అర మీటరులో ముప్పై రెండు సెంటీమీటర్లు పోతే మిగిలేది జానెడు. నడిచే ఓడ నీళ్లలో ఇంకాస్త దిగుతుంది. ఆ జానెడూ ఉండదు.

రేడియోలో ఓడను బయటే ఆపమని చెప్పింది. ఒడ్డుకు వస్తూ నేను మెల్లగా అన్నాను.

"అక్కా, మట్టి పడిందనే రాసెయ్. తవ్వోడ వాడు వాడంతట వాడే అంటున్నాడు. ఓడ ఎలాగూ ఆగింది. ఎవరికీ నష్టం లేదు."

"మట్టి అని రాస్తే, వచ్చే ఏడు ఇదే వేళకు ఇంకొకడు పొద్దుటి నంబరుతోనే కొలుస్తాడు సరంగూ. వాడి ఓడను ఎవరాపుతారు?"

రిజిస్టరులో నిన్నటి సంతకం కొట్టేసి, కింద కారణం రాసింది. 'మధ్యాహ్నం వేగం మార్చలేదు. పొరపాటు నాది.' మట్టి మాట ఎక్కడా లేదు. రేవు ఆఫీసులో పెద్దసారు అది చదివి, ఇక లాంచీ ఎక్కొద్దని, గత పదకొండేళ్ల వానాకాలపు సర్వేలన్నీ తిరగేసి ఇలాంటివి ఇంకెన్నున్నాయో తేల్చమని అన్నాడు. అక్క తల ఊపింది.

తమ్ముడు అప్పుడే వచ్చాడు. పైలట్ టోపీ చేతిలో నలుపుతూ, అందరి ముందూ అన్నాడు.

"నీ సంతకం చూసి నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, అక్కా. వేరేవాళ్లదైతే వంద అడిగేవాణ్ని."

"అడగాల్సిందిరా" అంది అక్క. "నన్నూ అడగాల్సింది."

ఆ మాట అంటూనే పైటతో కళ్లు తుడుచుకుంది. పదకొండేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. తమ్ముడు కుర్చీ లాగి పక్కన కూర్చుని, పాత రిజిస్టర్లలో మొదటిదాన్ని తన ముందుకు జరుపుకున్నాడు. "సరే, అడుగుతున్నా. ఈ పేజీలో ఉన్న రోజు మధ్యాహ్నం నీళ్లు ఉప్పా, తీపా?"

అక్క పేజీలు తిప్పి, చాలాసేపు వెతికి, "రాయలేదురా" అంది.