రెండు తడుల జొన్న

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. పత్తి తీసే వేళ్ళు బలపం పడితే పనికి చెడతాయని మా నాన్న నమ్మకం. నేను అక్షరాలు దిద్దేసరికి మనవలు పుట్టారు.

అందుచేత ఎనభైల్లో మా ఇంటి లెక్కలకు సర్వాధికారి మా మరిది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. చెవి మీద పెన్సిల్ లేకుండా పొలం గట్టు ఎక్కేవాడు కాదు.

గురజాల అవతల మాకు బావి కింద రెండెకరాల జొన్న ఉండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కంకి వేసిన చేనుకు కోత ఇంకా ఆరు వారాలుంది. బావిలో చూస్తే, చేనంతటికీ కలిపి రెండు తడులకే నీళ్ళున్నాయి.

మరిది గట్టు మీద కూర్చుని కాగితం నింపాడు.

"ఒక తడి రెండు వారాలు కాస్తది. ఆరు వారాలకు మూడు తడులు. ఉన్నయ్యి రెండు. రేపు పొద్దున్నే మూడోవంతు చేను పచ్చిగా కోసి గేదెలకేద్దాం అన్నాయ్. మిగతాదన్నా దక్కుద్ది."

మా ఆయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి ఒప్పుకున్నాడు. ఆయనకూ చదువు రాదు. కాకపోతే మగవాడు గనక కాగితం పట్టుకునే హక్కుండేది.

ఏడాది తిండిగింజల్లో మూడోవంతు పోతుంటే నేనాగలేకపోయాను.

"మూడెందుకయ్యా?"

"ఏమే, లెక్క కళ్ళ ముందుంటే నీకేంది మధ్యలో?" మా ఆయన కసిరాడు.

"చేను కూడా కళ్ళ ముందే ఉందిగా!"

గునపంతో మూరెడు లోతు తవ్వి, అడుగు మట్టి తీసి గుప్పిట్లో నొక్కాను. ముద్ద కట్టింది, విడిపోలేదు. తీసుకెళ్ళి మరిది కాగితం మీద పెట్టాను.

"ఈ చెమ్మ ఇంకో వారం ఆగుద్ది, దీన్ని మీరు లెక్కలో ఏసుకోలా. కోత ముందు రెండు వారాలు గింజ గట్టిపడిద్ది, అప్పుడు నీళ్ళు అక్కర్లా. మిగిలింది మూడు వారాలు. దానికి ఒక తడి చాలదు, రెండైతే చానా. వారం ఆగి ఒకటి, ఆ తర్వాత రెండు వారాలకు ఇంకోటి."

"ఆ రెండూ ఒక్కసారే పెట్టేస్తే పోలా?" అన్నాడు మా ఆయన, పెద్దరికం నిలబెట్టుకోవడానికి.

"నేల తాగినంతే తాగుద్దయ్యా. మిగతాది ఏరుకందకుండా దిగిపోద్ది."

ఆయన గునపం తీసుకున్నాడు. మెరకన ఒకచోట, పల్లాన ఒకచోట తవ్వి మట్టి నొక్కి చూశాడు. రెండుచోట్లా ముద్దే కట్టింది.

"అదే వదినా, నేనూ అనబోయా," అంటూ మరిది మూడు కొట్టేసి రెండు వేసి, కింద గీతలు రెండు గీశాడు. పొద్దుగూకేసరికి టీ బంకు దగ్గర, పెన్సిల్‌తో ఒక తడి ఆదా చేసిన ఘనత అతనిదైపోయింది.

మర్నాడు పొద్దున్నే నేను కొడవలి తీసుకెళ్ళి, గట్టు మీద గడ్డి కోసుకొచ్చి గేదెలకు వేశాను.