గిన్నెలో చింతపిక్కలు

“బాలింత చెవుల్లో దూది తీసిన రోజే కాళ్లకి బూట్లు తొడిగిందట!” అని మా వీధిలో చెప్పుకున్నారు. అది పచ్చి అబద్ధం. దూది తీశాక రెండు నెలలు ఆగి తొడిగాను. అమలాపురంలో లేడీ డాక్టరు గారు చూసి, “ఇంక మెల్లిగా మొదలెట్టుకోవచ్చమ్మా” అన్నాకే తొడిగాను. అయినా మన వీధుల్లో తేదీలెవరికి కావాలి?

అది ఎనభైల మొదట్లో మాట. నాకు డ్రిల్లు టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. దానికి ట్రైనింగు కాలేజీలో సీటు రావాలి, సీటు రావాలంటే జూన్‌లో కాకినాడలో పరుగు పరీక్ష నెగ్గాలి. నాలుగు వందల మీటర్లు, వాళ్లు పెట్టిన టైములోపల. ఆ ఏడు తప్పితే నాకు వయసు దాటిపోతుంది, మరో అవకాశం లేదు. నేను బూట్లు తొడిగింది జనవరిలో, మా అమ్మాయికి అప్పటికి ఐదో నెల. రాత్రుళ్లు అది నిద్రపోవడమనేది మా ఇంట్లో పుకారుగానే ఉండేది.

మా ఆయన రాజోలులో బ్యాంకు ఉద్యోగి. శనివారం వచ్చి ఆదివారం చర్చి అయ్యాక వెళ్లిపోయేవారు. అత్తగారు లేరు కాబట్టి, పరీక్ష అయ్యేదాకా నన్ను అంబాజీపేట పక్కన మా పుట్టింట్లోనే ఉంచేశారు. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే. రెండు వీధుల అవతల అమ్మకి తమ్ముడు, మా మావయ్య. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఈల వింటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది.

ఆ మావయ్య నాకు ట్రైనింగు ఇస్తానన్నప్పుడు నేను గుండె దిటవు చేసుకున్నాను. ఆయన ఒకప్పుడు మగపిల్లల్ని గోదారి ఇసకలో వాంతులయ్యేదాకా పరిగెత్తించిన మనిషి. తీరా ఆయన సైకిలు దిగి, పెళ్లి శుభలేఖ వెనకాల రాసుకొచ్చిన కాయితం నా చేతిలో పెడితే, అందులో ఉన్నవి మూడే మాటలు. పెద్దది, చిన్నది, పడక.

“ఇంతేనా?” అన్నాను.

“ఆయ్, ఇంతే. పెద్దదంటే ఐదు నిమిషాలు నడక, ఐదు నిమిషాలు సుతారంగా పరుగు. తర్వాత కాలవ గట్టు మీద నేను సున్నం కొట్టిన ఆ కొబ్బరి చెట్టు నుంచి ఈ చెట్టుకి వంద మీటర్లు, నాలుగుసార్లు. వెనక్కి వచ్చేది నడిచే రావాలి. మొత్తం అరగంట దాటకూడదు. చిన్నదంటే పది నిమిషాలు నడిచి, పదిసార్లు కూర్చుని లేచి, గోడకి చేతులు ఆన్చి పదిసార్లు తొయ్యడం. పొద్దున్న కుదరకపోతే పిల్ల పడుకున్నప్పుడు ఏ వేళైనా సరే. పడకంటే పడకే.”

“ఏ రోజు ఏది?”

“రోజుల్లేవమ్మడూ. వారానికి రెండు పెద్దవి. వరసగా రెండ్రోజులు కుదరదు. ఒకటే అయినా నేను తిట్టను. తప్పిపోయింది తప్పిపోయిందే, మర్నాడు రెండూ కలిపి చేసేవో, ఈల తీసుకుని ఇంటికెళ్లిపోతాను.”

నాకు ఒళ్లు మండింది. పిల్లని కన్నానని నన్ను ముసలమ్మని చేసేశాడీయన అనుకున్నాను. పైకి అనలేదు. నా మొహం ఏనాడూ నా మాట వినదు కాబట్టి ఆయనకి తెలిసే ఉంటుంది.

ఇక రోజు ఎలా తేల్చాలన్నదానికి ఆయన అమ్మని పిలిచారు. “అక్కా, రాత్రి ఎన్నిసార్లు నిద్ర చెడితే అన్ని చింతపిక్కలు ఓ గిన్నెలో వెయ్యి. పొద్దున్న నేనొచ్చి చూస్తాను. రెండు దాకా ఉంటే పెద్దది. మూడుంటే చిన్నది. నాలుగు, ఆ పైన ఎన్నున్నా పడక.”

“నన్నడిగితే నేను చెప్పనా?” అన్నాను.

“నిన్నడిగితే ఒక్కసారే లేచేనంటావు. నువ్వు మీ నాన్న కూతురివి.”

ఇంకో తగువు నీళ్ల దగ్గర. బాలింత దాహానికి తాగితే పొట్ట పెరుగుతుందని అమ్మ చెంబు దాచేది. మావయ్య కూజా తెచ్చి నా మంచం పక్కనే పెట్టించారు. “పాలిచ్చే మనిషి, పైగా పరిగెత్తే మనిషి, నీళ్లు తాగకపోతే ఎలాగక్కా?” అంటే అమ్మ, “నీకేం తెలుసురా, నువ్వెప్పుడైనా కన్నావా?” అంది. కూజా మాత్రం తియ్యలేదు.

అలా మొదలైంది. పిల్లకి పాలిచ్చి, పంజాబీ డ్రస్సు చున్నీ నడుముకి కట్టుకుని, తెల్ల కాన్వాసు బూట్లతో గట్టెక్కేదాన్ని. కొబ్బరికాయల లారీల వాళ్లు తలలు బయటపెట్టి చూసేవారు. ఒకడు, “ఎవరు తరుముతున్నారమ్మా?” అని అడిగాడు కూడా. మొదటి రోజు రెండో వందకే నా కాళ్లు నావి కావనిపించింది. అప్పుడు తెలిసింది మావయ్య నాలుగే ఎందుకు రాశారో. తెలిసినా బుద్ధి రాలేదు.

మూడు వారాలయ్యేసరికి నాకు రెక్కలొచ్చినట్టయింది. కానీ గిన్నెలో ఎప్పుడు చూసినా మూడు, నాలుగు. పిల్లకి పళ్లొస్తున్నాయి. ఒకరోజు పొద్దున్నే గిన్నెలో నాలుగు చూసి, రెండు తీసి జాకెట్లో దోపేశాను. మావయ్య వచ్చి “రెండా, భేష్” అని పెద్దది చేయించారు. ఒకరోజు ఆగి మళ్లీ అదే దొంగతనం. ఆయన వెళ్లిపోయాక ఇంకో రెండు వందలు సొంతంగా పరిగెత్తి, పిల్ల పాలవేళ దాటించి ఇంటికొచ్చాను. మర్నాటికి రొమ్ములో పాలు గడ్డకట్టి, వణుకుడు జ్వరం. డాక్టరు గారు మందులిచ్చి, పిల్లకి పాలు ఆపకూడదన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. పిల్ల నోరు పెట్టినప్పుడల్లా నాకు ప్రాణం పోయి వచ్చేది. పన్నెండు రోజులు మంచం దిగలేదు.

మావయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. పిక్కల దొంగతనం చెప్పేసి, తిడతారని కళ్లు మూసుకున్నాను. “తప్పు నాదేనమ్మడూ. గిన్నె నీకందే చోట పెట్టించేను” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి గిన్నె అమ్మ తలగడ పక్కకి చేరింది. తేరుకున్నాక మళ్లీ చిన్నదాంతోనే మొదలెట్టించారు, పెద్దది వారం దాకా లేదు.

వేసవి వచ్చింది. పెద్దది కొంచెం మారింది. ఒకే పరుగులో రెండు వందల మీటర్లు, ఊపిరి కుదుటపడి పూర్తిగా ఒక మాట చెప్పగలిగేదాకా ఆగడం, తర్వాత వంద మీటర్లు రెండుసార్లు. మేలో అప్పుడప్పుడు ఒకే పరుగులో మూడు వందల మీటర్లు. అరగంట మాత్రం అరగంటే. పిల్ల కూడా నెమ్మదించింది, రాత్రికి రెండుసార్లే లేస్తోంది. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. అయినా గిన్నెలో నాలుగుంటున్నాయి! వారానికి ఒక పెద్దది దొరకడం గగనమైపోయింది. పరీక్ష చూస్తే నెలలోకి వచ్చేసింది.

ఒక తెల్లవారుజామున నేను మెలకువగానే పడుకుని చూస్తున్నాను. అమ్మ లేచింది, కొంగు ముడి విప్పింది, ఇంకో రెండు పిక్కలు తీసి గిన్నెలో వేసింది.

నేను మంచం మీంచి దూకాను. “దొంగ లెక్కలా? నేను పాసవ్వడం నీకిష్టం లేదు. వెళ్లిపోతే పిల్లని నీ నెత్తిన పడేస్తానని నీ భయం!” అన్నాను. కన్నతల్లిని అనాల్సిన మాట కాదు. ఈ రోజుకీ ఆ మాట తల్చుకుంటే నాలుక కొరుక్కుంటాను.

అమ్మ గొంతు పెంచలేదు. “పిల్ల రెండుసార్లే లేచింది, నిజమే. మిగతా రెండూ నువ్వు లేచేవు.”

“నేనా?”

“ఆయ్. లేచి కూర్చుని పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటావు. ఊపిరి తగిలేదాకా అలాగే కూర్చుంటావు. ఆనక పడుకుంటావు. రోజూ అంతే. నీకు గుర్తుండదు. నువ్వు లేచినప్పుడల్లా ఒకటి ముడేసుకుని, పొద్దున్న గిన్నెలో వేస్తున్నాను, రాత్రి చప్పుడైతే నువ్వు లేస్తావని. వాడు నిద్ర చెడితే వెయ్యమన్నాడు. పిల్ల నిద్రని చెప్పేడా?”

లేచానో లేదో నాకే గుర్తులేని నా నిద్రని ఆవిడ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆ పొద్దున్న నాలుగే. నేను నోరు మూసుకుని పడుకున్నాను, తొమ్మిది దాకా లేవలేదు. ఆ తర్వాత పిక్కల మాట ఎత్తలేదు. ఎన్నుంటే అన్ని. చిత్రమేమిటంటే, ఆవిడ చూస్తోందని తెలిశాక నా లేవడం తగ్గింది. వారానికి రెండు పెద్దవి మళ్లీ దొరికాయి.

పరీక్షకి ముందు రోజు ముక్తేశ్వరం రేవు దాటి, కోటిపల్లిలో బస్సెక్కి కాకినాడలో పిన్ని ఇంటికి చేరాం. అప్పటికి పిల్ల జావ తాగుతోంది, గ్లాసుతో ఆవుపాలూ అలవాటు చేశాం. ఆ రాత్రి అమ్మ పిల్లని తీసుకుని అవతల గదిలో తలుపేసుకుంది. పొద్దున్న మావయ్య, “ఎన్నక్కా?” అనడిగితే, “సున్నా” అంది. కళ్లు మాత్రం ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

పిల్లకి పాలిచ్చాక అందరం గ్రౌండుకెళ్లాం. ఆరుగురం నిలబడ్డాం, మిగతా ఐదుగురూ పద్దెనిమిదీ పందొమ్మిదీ ఏళ్ల పిల్లలు. మావయ్య చెప్పింది ఒక్కటే, “మొదటి వంద వాళ్లకి వదిలెయ్.” వదిలేశాను. ఆఖరి వందలో నాకు ట్రాకు కనబడలేదు, సున్నం కొట్టిన కొబ్బరి చెట్టే కనబడింది. నాలుగోదాన్నయ్యాను. కానీ టైములోపల వచ్చాను. కాయితం మీద టిక్కు పెట్టడం కళ్లారా చూసి, అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను. అమ్మ మాత్రం, “ముందు నీళ్లు తాగు” అని చెంబందించింది. నీళ్లు దాచిన చెయ్యే.

ఆ రాత్రికే రేవు దాటి ఇంటికి చేరిపోయాం. మర్నాడు పొద్దున్నే మెలకువొచ్చి చూస్తే, అమ్మ వసారాలో నులకమంచం మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. నేను పుట్టి బుద్ధెరిగాక తెల్లారిన తర్వాత ఆవిడ పడుకోవడం చూడలేదు. ఐదు నెలలు నా నిద్ర లెక్కపెట్టాలంటే ఆవిడ ఎన్నిసార్లు లేచి ఉండాలి? ఈ మాట నాకు ఒక్కసారైనా తట్టలేదు. నామీద నాకే అసహ్యం వేసింది. వెంటనే ఆవిడ మీద పట్టలేనంత ప్రేమ పొంగింది.

పిల్లని చంకనేసుకుని వంటింట్లోకి వెళ్లి, చింతపిక్కల డబ్బా దింపి, గిన్నె నిండా పోశాను. సైకిలు చప్పుడైంది. అలవాటు కొద్దీ మావయ్య గుమ్మంలోంచే, “ఎన్నమ్మడూ?” అన్నారు.

గిన్నె చూపించాను. “ఇవి అమ్మవండి మావయ్యా.”

ఆయన గిన్నె వైపు చూశారు, మంచం వైపు చూశారు. మెళ్లో ఈల తీసి జేబులో వేసుకున్నారు. తర్వాత సైకిలు గంట మోగకుండా చేత్తో పట్టుకుని, దాన్ని మెల్లిగా నడిపించుకుంటూ వెనక్కి వెళ్లిపోయారు.