ఇద్దరికీ జనవరి ఒకటే

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే పక్కింటి పిల్ల రాస్తోంది. చదివేవాళ్లు ఎవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

యాదగిరి నా కడుపున పుట్టలేదు. వాడిని కని వాళ్లమ్మ పోయింది. ఆ తర్వాత నేను ఉప్పుగూడలో ఆ ఇంటికి రెండో పెళ్లాంగా వచ్చాను. మరుసటి ఏడు చలికాలంలో నాకు శీను పుట్టాడు. ఇద్దరూ ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో పుట్టారు. మున్సిపాలిటీలో రాయించాలని ఎవరికి తోచింది?

ఇద్దరినీ ఒకేరోజు బడికి తీసుకుపోయాను. పుట్టిన తేదీ అడిగాడు పెద్దసారు. తెలియదన్నాను. వయసు తేల్చడానికి, తల మీదుగా చేయి తిప్పి అవతలి చెవి అందుకోమన్నాడు. శీను అందుకున్నాడు. యాదగిరి వేళ్లు చెవికి అందకుండానే ఆగిపోయాయి. వాడు అంత బక్కగా ఎందుకున్నాడు? పాలు ఎవరి గ్లాసులో పోశానో నాకు తెలియదా? శీనుకు ఆరేళ్లు, యాదగిరికి ఐదు అనుకుని, ఏడాది తేడాతో ఇద్దరికీ జనవరి ఒకటే వేశాడు. తేదీ తెలియని పిల్లలందరికీ అంతేనట, సగం బడికి అదే పుట్టినరోజట. పెద్దవాడు చిన్నవాడయ్యాడు. నేను దిద్దలేదు.

పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేముందు, తప్పుంటే ఇప్పుడే చెప్పమని సారు అన్నాడట. ఇంటిపెద్ద కోర్టులో ప్రమాణం చేసి కాగితం తెస్తే మారుస్తారు. సర్టిఫికెట్ వచ్చాక మారదు. సర్కారు ఆఫీసులో చేసే నా పెనిమిటికి అప్పటికే పక్షవాతం, మాట పడిపోయింది. ఆయన పోతే పద్దెనిమిది నిండిన కొడుక్కి సర్కారు నౌకరీ ఇస్తారని నేను విని ఉన్నాను.

యాదగిరి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నేను ఎప్పుడు పుట్టిన్నే? శీనుగాడు నాకంటే పెద్దోడని రాసిన్రంట. దోస్తులంత నవ్వుతున్రు."

"నాకేం ఎర్కరా? నేను అప్పటికి ఈ ఇంటికే రాలే."

"బాపు నీకెన్నడు చెప్పలేదా?"

"చెప్పలేదు బిడ్డా."

మంచం మీద నుంచి ఆయన నన్నే చూస్తున్నాడు. బోనాల మర్నాడు, పొద్దుపొడుపున పుట్టాడని నాకు చెప్పింది ఆయనే.

ఆయన పోయిన ఏడు ఆఫీసువాళ్లు సర్టిఫికెట్లు చూశారు. కాగితం ప్రకారం శీనుకు పద్దెనిమిది నిండాయి. యాదగిరికి నిండలేదు. నిజానికి నిండింది వాడికే. నౌకరీ శీనుకు ఇచ్చారు.

యాదగిరి ఇప్పుడు స్టేషన్ దగ్గర మూటలు మోస్తున్నాడు. ప్రతి జనవరి ఒకటికి మిఠాయి పొట్లం పట్టుకుని తమ్ముడింటికి వస్తాడు. "ఇయ్యాల మా ఇద్దరి బర్త్‌డేనే అమ్మా" అని ముందు నా నోట్లోనే పెడతాడు. ఎట్లా మింగుతున్నానో!

క్షమించమని అడగను. ఆ మాటకు నాకు మొహం లేదు. యాదగిరీ, నువ్వు పుట్టింది బోనాల మర్నాడు, పొద్దుపొడుపున. పెద్దోడివి నువ్వే.

రాశావా బిడ్డా? ఏదీ, ఆ ఒక్కమాట మళ్లీ చదువు.