ఎవరు ముందు చెప్పిండ్రు?

జైనూర్‌లో ఆనందమ్మకు కొలిమి ఉంది. భర్త అబ్రహాం పోయినంక ముప్పై ఏండ్లుగా నాగటి కర్రులు సాగగొట్టేది ఆమే. చదివింది ఏడో తరగతే. కానీ అరవై ఏండ్ల వయసులో, మెథడిస్టు సంఘంలో స్థానిక ప్రసంగి పరీక్ష రాయడానికి కరీంనగర్ బస్సెక్కింది. గుడిలో వాక్యం చెప్పాలంటే ఆ పరీక్ష పాసవాలి.

ఫలితం వచ్చినప్పుడు పాసవడానికి ఒక్క మార్కు తక్కువైంది. తప్పు పడిన ప్రశ్న ఇది: యుద్ధాలు మాని జనం కత్తుల్ని కర్రులుగా సాగగొడతారనే మాట మొదట చెప్పిన ప్రవక్త ఎవరు? దిద్దేవాళ్ల జవాబుల పట్టికలో ‘యెషయా’ అని ఉంది. ఆమె మాత్రం, ఆ మాట బైబిల్లో యెషయా గ్రంథం రెండో అధ్యాయంలోనూ, మీకా గ్రంథం నాలుగో అధ్యాయంలోనూ ఉంది, ఎవరిది ముందో తేల్చలేము అని రాసింది.

ఆమె ఊరుకోలే. మళ్లీ కరీంనగర్ పోయి, పేపర్లు దిద్దిన జేమ్స్ పాస్టరును కలిసింది. ఆయన వయసులో ఆమె కొడుకంత. కుర్చీ వేసి, మర్యాదగా, జవాబు చాలా ఏండ్లుగా ఇదేనని చెప్పాడు. బైబిల్లో యెషయా ముందుంటది గదా అన్నాడు.

“ముందున్నంత మాత్రాన ముందు చెప్పినట్టు కాదు, అయ్యగారూ” అంది ఆనందమ్మ. “పెద్ద పుస్తకాలు ముందు పెట్టిండ్రు, చిన్నవి పన్నెండు వెనక ఒక్కకాడ కుట్టిండ్రు, మీకాది అండ్ల ఒకటి. గా ఇద్దరు ఒకే కాలపోల్లు. హిజ్కియా రాజు దినాల్లో ఇద్దరూ ఉన్నరు. యెషయా కొన్నేండ్ల ముందు మొదలు పెట్టిండు, అంతే.”

ఆమె రెండు బైబిళ్లు తీసింది. ఒకటి యెషయా దగ్గర, ఒకటి మీకా దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టింది. చనిపోయిన ఒక పాస్టరు పుస్తకాల పెట్టె ఆమె ఇంట్లో ఉంది. అందులో చదివిందంతా జేమ్స్ పాస్టరుకు వివరించింది. యెషయాదే అనేవాళ్లు, దాని పైన ‘ఆమోజు కొడుకు యెషయాకు కలిగిన దర్శనం’ అని శీర్షిక ఉందని, యెరూషలేములో మందిరం ఉన్న సీయోను కొండ గొప్పతనం ఆయనకు ఇష్టమైన మాటని అంటారు. మీకాదే అనేవాళ్లు, అతని దగ్గర ఆ మాట ఇంకా నిండుగా ఉందంటారు. ప్రతివాడు తన ద్రాక్షచెట్టు కింద, అంజూరపుచెట్టు కింద భయం లేకుండా కూర్చుంటాడన్న మాట అక్కడే ఉంది, యెషయాలో లేదు. ఇంకొందరు, యెరూషలేము మందిరంలో అప్పటికే పాడుకునే పాటను ఇద్దరూ తీసుకున్నారంటారు. బబులోను చెర తర్వాత ఎవరో రెండు గ్రంథాల్లోనూ చేర్చారని మరికొందరి మాట. పండితులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు.

జేమ్స్ పాస్టరు చాలాసేపు రెండు పేజీలను పోల్చి చూశాడు. యెషయాలో ‘జనాంగాలన్నీ’ కొండకు ప్రవహిస్తాయి, మీకాలో ‘జనములు’. మీకాలో ‘దూరంగా ఉన్న’ బలమైన జనాంగాలు అని కూడా ఉంది. ఆయన వేలితో ఆ మాట చూపించాడు.

“మరి మీకు ఏది ముందనిపిస్తది?” అని అడిగాడు.

“నాకు తెల్వదు. కానీ మీకాలో దానికి ముందు ఏమున్నదో చూడుండ్రి.” ఆమె మూడో అధ్యాయం చివరి రెండు వచనాలు చూపించింది. పెద్దలు లంచాలు తింటున్నారు, కాబట్టి సీయోను పొలంలా దున్నబడుతుంది, యెరూషలేము రాళ్లకుప్పవుతుంది, మందిరం ఉన్న కొండ అడవవుతుంది. దాని వెంటనే, అదే కొండకు జనాంగాలు నడిచి వస్తాయి. “దున్నేసిన కొండ మీదనే కత్తులు కర్రులైతయ్. యెషయా దగ్గర గట్ల లేదు. అక్కడ మొదటి అధ్యాయంల నేరం చూపిచ్చి, ఈ దర్శనం చెప్పి, ‘రండి, యెహోవా వెలుగుల నడుద్దాం’ అని పిలుస్తడు. ఒకటే మాట, పక్కన ఉన్నది వేరే గనుక బరువు వేరైతది.”

ఆమె ఇంకొకటి గుర్తుచేసింది. యోవేలు అనే మరో ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయంలో ఇదే మాట తిరగబడింది: కర్రుల్ని కత్తులుగా కొట్టండి అని. కొలిమిలో ఇనుము రెండు వైపులా పోగలదని ఆమెకు బాగా తెలుసు. కర్రు జానెడే ఉంటది గనుక ఒక కత్తి ఇనుము దానికి చాలునని కూడా చెప్పింది. ‘కర్రు’ అని తర్జుమా చేసిన హీబ్రూ మాటకు కర్రు అని అర్థమో, పార అని అర్థమో మాత్రం ఖాయంగా చెప్పలేనంది.

జేమ్స్ పాస్టరు ఆమె పేపరు మీద తాను పెట్టిన తప్పు గుర్తు కొట్టేసి, పక్కన మార్కు వేశాడు; దాంతో ఆమె పాసైంది. వచ్చే ఏడాది నుంచి ప్రశ్న మార్చి రాస్తానన్నాడు. ‘ఎవరు ముందు’ అనడం మాని, రెండు చోట్లా ఆ మాట చుట్టూ ఏముందో రాయమంటానన్నాడు.

రెండు నెలలకు జైనూర్ గుడిలో ఆనందమ్మ మొదటి వాక్యం చెప్పింది. మీకా మూడో అధ్యాయంతో మొదలుపెట్టింది. లంచం మాట వచ్చినప్పుడు కొందరు తలలు దించుకున్నారు. ఆమె ఆపలేదు. కర్రుల దాకా వచ్చాక గొంతు ఇంకా పెంచింది. తర్వాత, వాక్యం విన్న కనకవ్వ దగ్గరికి వచ్చి, కత్తులు కర్రులయ్యే ఆ దినం ఎప్పుడొస్తదని అడిగింది.

“ప్రవక్తలిద్దరూ తారీఖు చెప్పలే,” అంది ఆనందమ్మ. “వస్తదని మాత్రం చెప్పిండ్రు.”