పది లక్షల ఐదు వేలు

పత్రిక మానేసి రేడియోకి వార్తలు రాస్తున్న కొత్తలో గోదావరికి వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహాన్ని పత్రిక అలవాటు కొద్దీ ‘10,05,000 క్యూసెక్కులు’ అని అంకెల్లో రాశాను. ప్రత్యక్ష ప్రసారంలో చదువుతున్నావిడ ‘లక్షా ఐదు వేలు’ అనేసింది. స్టూడియో అద్దం ఇవతల నుంచి చేతులూపాను. ఆమె తలెత్తలేదు.

వార్తలయ్యీ అవగానే ఏటి మధ్యనున్న ఓ లంక ఊరి నుంచి ఫోనొచ్చింది.

“తగ్గిపోయిందటగా అండి. గొడ్లని ఎక్కించకుండా పడవ పంపేశామండి.”

“తగ్గలేదండి, తప్పు చదివాం. పడవని వెనక్కి పిలవండి.”

“ఈ ఏటిహోరులో పడవోడికెక్కడ వినపడుద్దండి?”

చదివినావిడ కాగితం నా ముందు పెట్టింది. “అక్షరాల్లో రాయాలండి. సున్నాలు లెక్కెట్టుకుంటూ కూర్చుంటానా?”

సవరణ అక్షరాల్లో రాసిచ్చాను. తడబడకుండా చదివింది. పడవలో రేడియో లేదు.