పేరు మార్చిన ఫోల్డరు

అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్స్ చెప్తున్న ఆరో ఏడు అది. ఫైనలియర్ పిల్లలు ఆరుగురితో కలిసి ఒక ప్రోగ్రాం రాసేను. ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల రైతులు రాసుకున్న అంకెలు తీసుకుని, నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడెప్పుడు పడిపోతోందో గ్రాఫు గీసి చూపిస్తుంది. పిల్లల్లో ఇద్దరి ఇంటివాళ్లకి చెరువులున్నాయి, అందుకని ఒళ్లు దాచుకోకుండా పనిచేసేరు.

పైథాన్ అనే భాషలో రాసేం. దానికి కావలసిన లైబ్రరీలన్నీ, అంటే వేరేవాళ్లు ముందే రాసి ఉంచిన ప్రోగ్రాం ముక్కలన్నీ, ప్రాజెక్టు ఫోల్డరులోపలే 'వెన్వ్' అనే ఇంకో ఫోల్డరులో పెట్టేం. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు దాన్ని. ఆ ప్రాజెక్టుకి మాత్రమే పనికొచ్చే సరంజామా, మిగతా కంప్యూటరుతో సంబంధం లేకుండా.

ప్రాజెక్టులు చూడ్డానికి యూనివర్సిటీ కమిటీ పదకొండింటికి వస్తుందన్న రోజు, తొమ్మిదిన్నరకి ల్యాబులో ప్రోగ్రాం నడిపేను. పాండాస్ అనే లైబ్రరీ లేదంది. ముందురోజు సాయంత్రం దాకా శుభ్రంగా నడిచింది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు వెనకాలే నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారిని కూడా పిలిపించేరు.

"నేను ముందే చెప్పేనండి," అన్నారు హెడ్డు గారు. "పిల్లల చేత రాయించినవి ఇలాగే ఉంటాయి. బయటి కంపెనీకి ఇచ్చుంటే ఈ తలనొప్పి ఉండేది కాదు."

పిల్లలు గోడ పక్కన తలలు దించుకుని నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. స్క్రీను మీద ఫోల్డరు పేరు చూసేను. మేం పెట్టుకున్న బ్యాచ్ పేరు లేదు. దాని చోట మా డిపార్ట్‌మెంట్ పేరుంది.

"ఫోల్డరు పేరు ఎవరు మార్చేరండి?" అనడిగేను.

"నేనే మార్చేను. కమిటీ చూసేటప్పుడు డిపార్ట్‌మెంట్ పేరుంటే బావుంటుందని. పేరే కదండీ, లోపల ఏదీ ముట్టుకోలేదు."

"పేరు మార్చడం వల్లే ఆగిందండి. చూపిస్తాను, రండి."

వెన్వ్‌ని పనిలోకి తెచ్చే ఫైలు తెరిచేను. అందులో పాత ఫోల్డరు పేరుతో సహా పూర్తి చిరునామా రాసి ఉంది. "దీన్ని తయారుచేసినప్పుడు తను ఎక్కడుందో లోపల రాసేసుకుంటుందండి. మీరు పై పేరు మార్చేక ఆ చిరునామాలో ఏమీ లేదు. ఆన్ చేస్తే వెన్వ్ అని పేరు కనబడుతుంది గాని, నడిచేది కంప్యూటరు సొంత పైథాను. దానికి మా లైబ్రరీలు తెలీవు."

లైబ్రరీలు తెచ్చే పిప్‌ని కూడా వెన్వ్‌లోంచి నడిపి చూపించేను. దాని మొదటి వరుసలోనూ పాత చిరునామానే. అక్కడ పైథాను లేదని ఆగిపోయింది.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అయితే పాత పేరు పెట్టేస్తే నడుస్తుందా అమ్మా?"

"ఆయ్, నడుస్తుందండి. కానీ పెట్టను."

"టైము లేదండీ," అన్నారు హెడ్డు గారు.

"రేపు ఇంకొకరు ఇంకో పేరు పెడతారు, మళ్లీ పిల్లల్నే అంటారు. వెన్వ్ దాచుకోవలసిన వస్తువు కాదండి. తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు. దాచుకోవలసింది ప్రోగ్రాము, దానికి కావలసిన లైబ్రరీల జాబితా."

ఆ జాబితా మాత్రం నేను రాసిపెట్టలేదు. అది నా తప్పే, అక్కడే ఒప్పుకున్నాను. అదృష్టం, పాత వెన్వ్‌లోని పైథానుని దాని కొత్త దారి పూర్తిగా రాసి నేరుగా పిలిస్తే ఇంకా పలుకుతోంది. దాని ద్వారా పిప్‌ని నడిపి, లైబ్రరీల పేర్లు, వెర్షన్లు ఒక ఫైల్లోకి దింపుకున్నాను. ఆ ఫైలు తెరిచి రెండుసార్లు చూసుకున్నాక, అందరి ముందూ వెన్వ్ ఫోల్డరు డిలీట్ చేసేను.

హెడ్డు గారు రెండడుగులు ముందుకొచ్చేరు. "ఏం చేస్తున్నారండీ మీరు?"

నేను అదే చోట కొత్త వెన్వ్ తయారుచేసేను. కాలేజీ ఇంటర్నెట్ నత్తనడక, అందుకని నా ఫోన్లోంచి నెట్ ఇచ్చి జాబితాలో ఉన్నవన్నీ దింపేను. పావుగంట పట్టింది. తరవాత ప్రోగ్రాం నడిపితే గ్రాఫు వచ్చింది.

కమిటీవారు వచ్చినప్పుడు ఇది ఎవరు రాసేరని అడిగేరు. హెడ్డు గారు నోరు తెరిచేలోపు నేను ఆరుగురినీ ముందుకి పిలిచేను. చెరువులున్న ఇంటి అమ్మాయే అంతా చెప్పింది, తడబడకుండా.

మూడోనాడు హెడ్డు గారు ఒక తెల్లకాగితం నా బల్ల మీద పెట్టి, నా అజాగ్రత్త వల్ల పిల్లల ప్రోగ్రాం పాడైందని సంజాయిషీ రాసి సంతకం పెట్టమన్నారు.

"జాబితా ఉంచలేదని రాస్తానండి. ప్రోగ్రాం పాడైందని మాత్రం రాయను. పాడవలేదు."

"ఒక్క సంతకం పెడితే పోయేదానికి ఎందుకండీ ఇంత పట్టుదల?"

"పెడితే ఆ పిల్లల పని తప్పని నేనే ఒప్పుకున్నట్టండి."

పెట్టలేదు. మరుసటేడు ఫైనలియర్ ప్రాజెక్టులు నా చేతిలోంచి తీసేసి వేరేవారికిచ్చేరు. బాధ లేదని అబద్ధం చెప్పను. మొదటేడు క్లాసులు మిగిల్చేరు. ఇప్పుడు ఆ పిల్లలకి పైథాన్ మొదలుపెట్టిన వారంలోనే చెప్తాను, ముందు జాబితా రాసుకోండి, తరవాత ఎవరేం పేరు పెట్టినా భయపడకండి అని.