సంచిలో లేని ఇరుసు

సైకిల్ యాత్రకు ప్లాను వేసింది నేనే. తిరుపతిలో మా ఆఫీసు గుమాస్తాలం ముగ్గురం మదనపల్లె దాకా పోయి రావాలనుకున్నాం. మిగతా ఇద్దరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. భాకరాపేట ఘాటు మీదుగా పోదామన్నారు. మొదటిరోజే ఘాటెక్కితే కాళ్లు పట్టేస్తాయని కసిరాను. ముందు చిత్తూరు సత్రంలో పడుకుని, మర్నాడు చల్లటిపూట బయల్దేరి మొగిలి ఘాటెక్కి, ఆ రాత్రికి పలమనేరులో మావాళ్లలో ఒకడి అక్కగారింట్లో ఆగాలి. వచ్చేటప్పుడు పీలేరు మీదుగా వచ్చి భాకరాపేట ఘాటు దిగాలి. పైగా ఒక కట్టుబాటు కూడా పెట్టాను: ఎవరూ బస్సెక్కకూడదు, ఎవరి బండి చెడినా బాగయ్యేదాకా అందరూ ఆగాలి. అందుకని రిపేరు సంచి నేనే సర్దాను. ప్యాచీలు, సొల్యూషన్, పంపు, చక్రం పుల్లలు, బ్రేకు రబ్బర్లు, స్పానర్లు. ఆ సంచిని వాళ్లకు ఎన్నిసార్లు విప్పి చూపించానో!

మొగిలి ఘాటు సగంలో నాకు ఊపిరాడలేదు. దిగి తోసుకుంటూ నడిచినా ఛాతీ పట్టేసింది. మలుపులో రాతి మీద కూలబడ్డాను. అక్కగారి తమ్ముడు నావైపు ఒకసారి చూసి, పైకి పోతున్న బస్సుకు చెయ్యెత్తాడు.

"వెనకచక్రం ఇరుసు ఇరిగిపోయినాది సార్. ఈయన్ని పలమనేరులో దింపండి" అన్నాడు కండక్టరుతో.

పంచరని చెప్పి ఉంటే నా సంచి నన్ను పట్టిచ్చేది. అందులో లేనిది ఇరుసొక్కటే. అది వాడికి తెలుసు. నేను లేచి బస్సెక్కాను. సైకిల్ని బస్సు టాపు మీదికెక్కించి తాడుతో కట్టారు. కిటికీలోంచి చూస్తే వాళ్లిద్దరూ తల వంచుకుని తొక్కుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

పలమనేరులో అక్కగారు మంచినీళ్లిచ్చి ఏమైందని అడిగింది. ఇరుసు విరిగిందన్నాను. ఆమె భర్త వెంటనే లేచి, చక్రం నేలకు తగలకుండా సీటు పట్టి వెనకభాగం ఎత్తుకుని సైకిల్ షాపుదాకా నడిపించుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు తొక్కుకుంటూ వచ్చాడు.

"ఇరుసు మార్పించినానప్పా. ఇంక బయంలేదు" అన్నాడు నా మొహంలోకి చూడకుండా.

ఇరుసు నట్లమీద నిన్నటి బురద అట్లాగే ఎండి ఉంది.

మావాళ్లు వచ్చారు. అన్నాలప్పుడు బావగారు కొత్త ఇరుసు సంగతి వాళ్లకూ చెప్పాడు. ఇద్దరూ తలలూపారు. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నాలుగు తిట్లు తిట్టినా హాయిగా తినేవాణ్ణి.

మర్నాడు పుంగనూరు దారిలో చిన్న మిట్ట వచ్చింది. ఆ మాత్రం నేను తొక్కగలను. కానీ ముందుపోతున్న వాళ్లిద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి దిగి, వెనక్కి చూడకుండా బండ్లు తోసుకుంటూ మెల్లగా నడవడం మొదలుపెట్టారు.

నేనూ దిగి నడిచాను.